కార్యవర్గ ఎజెండాలో అంశం చేర్చమని అధ్యక్షులకు లేఖ: లిఫ్ట్ నిర్వహణ ఒప్పందం ఉదాహరణగా

ప్రశ్న: నేను మా నివాస భవన సంఘం కార్యవర్గంలో సభ్యురాలిని. మా లిఫ్ట్ నిర్వహణ ఒప్పందం సెప్టెంబరు 30తో ముగుస్తుంది. వద్దనుకుంటే 60 రోజుల ముందే రాతపూర్వకంగా చెప్పాలి, లేకపోతే మరో ఏడాది దానంతటదే కొనసాగుతుంది. అలా కొనసాగనివ్వాలని రెండేళ్ల క్రితం కార్యవర్గమే తీర్మానించింది. ఈ ఆరు నెలల్లో లిఫ్ట్ 11 సార్లు ఆగిపోయింది. అధ్యక్షుల వారితో రెండుసార్లు మాట్లాడితే "చూద్దాం" అన్నారు. జూలై 20 సమావేశంలో ఈ విషయం చర్చకు రావాలంటే ఆయనకు లేఖ ఎలా రాయాలి?

సమాధానం:

నమస్కారం. వేర్వేరు సంఘాలకు చాలా ఏళ్లు కార్యదర్శిగా పనిచేసి, ఇలాంటి లేఖలను అందుకున్న వైపు నుంచి చూసినవాడిగా రాస్తున్నాను. మీ లేఖ ఒప్పించవలసింది లిఫ్ట్ సంస్థ సరిగా పనిచేయడం లేదని కాదు. ఈ అంశం కార్యవర్గమే తేల్చవలసినదని, అదీ జూలై 20నే తేల్చవలసినదని అధ్యక్షులకు స్పష్టం కావాలి. సంస్థ పనితీరు మీద వాదన సమావేశంలో జరుగుతుంది. లేఖలోనే ఆ వాదనంతా పూర్తి చేయాలని చూస్తే అధ్యక్షులు దానిని ఫిర్యాదుగా చదువుతారు. ఫిర్యాదు కార్యదర్శి చేతికో, సంస్థ ప్రతినిధికో వెళ్తుంది తప్ప ఎజెండాలోకి రాదు. "చూద్దాం" అన్న జవాబు కూడా బహుశా అందుకే వచ్చి ఉంటుంది. మీరు నోటితో చెప్పినప్పుడు ఆయనకు లిఫ్ట్ ఆగిపోతోందన్న బాధ వినిపించింది గాని, తాను ఫలానా తేదీలోగా చేయవలసిన పని ఒకటుందని వినిపించలేదు.

కాబట్టి మొదట తేదీలు లెక్కవేసుకోండి. సెప్టెంబరు 30 నుంచి 60 రోజులు వెనక్కి వెళితే ఆగస్టు 1 వస్తుంది. 60 రోజులు పూర్తిగా మధ్యలో ఉండాలని ఎవరైనా వాదిస్తే అది జూలై 31 అవుతుంది. ఆ ఒక్కరోజు వివాదానికి చోటివ్వకుండా జూలై 31నే గడువుగా తీసుకోండి. ఒప్పంద పత్రంలో నోటీసు "పంపాలి" అని ఉందా, "అందాలి" అని ఉందా అన్నది కూడా చూడండి. అందాలి అని ఉంటే తపాలాకు పట్టే రోజులను మీరే భరించాలి. జూలై 20 తరువాతి సమావేశం ఆగస్టు 17న అనుకుందాం. అప్పటికి గడువు దాటిపోయి, ఒప్పందం మరో ఏడాదికి ముడిపడిపోయి ఉంటుంది. మీ లేఖలో అన్నిటికన్నా బలమైన కారణం ఇదే. సంస్థ మంచిదా కాదా అన్నదానిపై అధ్యక్షులకు మీతో ఏకాభిప్రాయం లేకపోయినా ఈ కారణాన్ని కాదనలేరు.

రెండో లెక్క ఎజెండాకు సంబంధించినది. సమావేశానికి ఎన్ని రోజుల ముందు నోటీసు, ఎజెండా పంపాలో మీ సంఘం నియమావళిలో ఉంటుంది. ఏడు పూర్తి రోజులు అని ఉంటే, నోటీసు ఇచ్చిన రోజునూ సమావేశం జరిగే రోజునూ లెక్కలోకి తీసుకోరాదు. అంటే 13 నుంచి 19 వరకు ఏడు రోజులు మధ్యలో ఉండాలి కాబట్టి ఎజెండా జూలై 12కల్లా సభ్యులకు చేరాలి. దానిని తయారుచేసి, అధ్యక్షులకు చూపించి, పంపడానికి కార్యదర్శికి కనీసం మూడు నాలుగు రోజులు కావాలి. కాబట్టి మీ లేఖ జూలై 5లోపు అధ్యక్షుల చేతిలో ఉండాలి, అదే రోజు దాని నకలు కార్యదర్శికీ అందాలి. ఎజెండా వెళ్లిపోయాక వచ్చిన లేఖను ఎంత సదుద్దేశం ఉన్న అధ్యక్షులైనా "అధ్యక్షుల అనుమతితో ఇతర అంశాలు" అనే చివరి వరుసలోకి నెట్టక తప్పదు.

ఆ చివరి వరుసతో మీరు సరిపెట్టుకోకూడదు. చాలామంది అక్కడ పెడతామన్నా సంతోషిస్తారు, కాని మీ విషయంలో అది ప్రమాదకరం. కారణం రెండేళ్ల క్రితపు తీర్మానం. ఇప్పుడు మీరు అడుగుతున్నది కొత్త నిర్ణయం ఒక్కటే కాదు, పాత నిర్ణయాన్ని మార్చడం కూడా. ముందు చెప్పకుండా పాత తీర్మానాన్ని తిరగదోడితే, ఆ రోజు రానివారు తమకు తెలియకుండా చేశారని అభ్యంతరం చెప్పవచ్చు, అందులో న్యాయమూ ఉంటుంది. సభా నిర్వహణకు చాలా సంఘాలు ఆధారంగా తీసుకునే రాబర్ట్స్ రూల్స్ ఆఫ్ ఆర్డర్ ఈ తేడాను ఓట్ల లెక్కలోనే చూపుతుంది. పాత తీర్మానాన్ని సవరిస్తామని ముందస్తు నోటీసు ఇచ్చి ఉంటే పోలైన ఓట్లలో సగానికి మించి వస్తే చాలు. నోటీసు లేకపోతే మూడింట రెండు వంతుల ఓట్లైనా రావాలి, లేదా మొత్తం సభ్యుల్లో సగానికి మించి మద్దతైనా ఉండాలి. తొమ్మిది మంది కార్యవర్గంలో ఏడుగురు హాజరై అందరూ ఓటు వేశారనుకోండి. నోటీసు ఉంటే నలుగురితో తీర్మానం నెగ్గుతుంది, లేకపోతే ఐదుగురు కావాలి. మీ నియమావళిలో వేరే నిబంధన ఉంటే అదే చెల్లుతుంది కాబట్టి ముందు దానిని చదవండి. ఏమైనా, పాత తీర్మానం తేదీని మీ లేఖలోనూ ఎజెండాలోనూ పేర్కొనాలన్నది మాత్రం గట్టిగా పట్టుకోండి.

నేను కార్యదర్శిగా ఉన్న ఒక సంఘంలో సరిగ్గా ఈ తప్పే జరిగింది. కాపలా ఏర్పాటు మార్చాలని ఒక సభ్యుడు నాలుగు పేజీల లేఖ రాశారు. అది ఆలస్యంగా రావడంతో ఇతర అంశాల్లో పెట్టి ఆ రాత్రే తీర్మానం చేశాము. పాత తీర్మానం ఒకటి ఉందని నాకే గుర్తులేదు. ఆనాడు రాని ఇద్దరు సభ్యులు దానిని మినిట్స్ పుస్తకం తెరిచి చూపించారు. మరుసటి నెల చర్చ మొత్తం మళ్లీ చేయవలసి వచ్చింది, ఆలోపు పాత ఏర్పాటే నడిచింది. లేఖలో "ఫలానా తేదీ తీర్మానాన్ని సవరించే విషయమై" అన్న ఒక్క ముక్క ఉండి ఉంటే నేను పాత పుస్తకం తీసి చూసేవాడిని. ఆ నెల పోయినందుకు నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఇక కారణాల సంగతి. 11 సార్లు ఆగిపోవడం మీకు పెద్ద విషయమే, కాని ఒట్టి సంఖ్యతో ఎవరూ ఏమీ తేల్చలేరు. "పాత లిఫ్ట్ కదా, ఆగుతుంది" అని ఒకరంటే మీ దగ్గర జవాబు ఉండదు. ఆ సంఖ్యను ఒప్పందంలోని మాటలతో పక్కపక్కన పెట్టాలి. ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. ఒప్పందాలు సాధారణంగా టెక్నీషియన్ ఎంతసేపట్లో వస్తాడో చెబుతాయి గాని, లిఫ్ట్ ఎంతసేపట్లో మళ్లీ నడుస్తుందో చెప్పవు. మీ ఒప్పందంలో నాలుగు గంటల్లో వస్తామని మాత్రమే ఉంటే, "రెండు రోజులు లిఫ్ట్ లేదు" అన్నది ఇబ్బందే తప్ప ఒప్పంద ఉల్లంఘన కాదు. ఆ రెంటినీ కలిపి రాస్తే సంస్థ ప్రతినిధి ఒక్క వాక్యంతో మీ లేఖ మొత్తాన్ని పలచన చేస్తాడు. కాబట్టి ఫిర్యాదుల రిజిస్టర్ ముందు పెట్టుకుని ప్రతి ఘటనకూ ఫోన్ చేసిన సమయం, మనిషి వచ్చిన సమయం, లిఫ్ట్ నడిచిన సమయం, రాసిన కారణం వేర్వేరుగా దించుకోండి. అలా దించుకుంటే కారణాల వరుసలో ఒకే పేరు పదేపదే కనబడవచ్చు. లిఫ్ట్ ఆగిపోవడానికి తలుపులే తరచుగా మూలం. అదే తలుపు లోపం ఆరుసార్లు వస్తే అది యంత్రం వయసు కన్నా, నెలవారీ సర్వీసులో తలుపు సర్దుబాటు, శుభ్రత జరగడం లేదనో, అరిగిన భాగం మార్చడం లేదనో సూచించే విషయం. నెలవారీ సర్వీసుకు వచ్చినప్పుడు పెట్టిన సంతకాలు కూడా లెక్కపెట్టండి.

ఈ లెక్కలన్నీ అనుబంధంలో ఒకే పేజీలో పెట్టి, లేఖలో మూడే మూడు వాక్యాలు చెప్పండి. నేను చూసినంతలో పది కారణాలున్న లేఖలో అధ్యక్షులు బలహీనమైన పదో కారణానికి జవాబు ఇచ్చి మిగతా తొమ్మిదింటినీ వదిలేస్తారు.

లేఖ చివర మీరు ప్రతిపాదించే తీర్మానం ముసాయిదా ఉండాలి. "తగిన చర్య తీసుకోవాలి" అంటే అది తీర్మానం కాదు. ఎవరు, ఏమి, ఏ తేదీలోగా చేయాలో అందులో ఉండాలి. దానితోపాటు, ఎజెండాలో కనబడవలసిన అంశం పేరును కూడా మీరే తటస్థంగా రాసి ఇవ్వండి. "నాసిరకం లిఫ్ట్ సంస్థను తొలగించుట" అని రాస్తే ఆ పేరుతో అధ్యక్షులు ఎజెండా పంపలేరు. ఆయనే మార్చి రాస్తే మీ ఉద్దేశం జారిపోవచ్చు. అన్ని పక్షాలవారూ అభ్యంతరం లేకుండా చదవగలిగే పేరైతే అదే మాటలతో ఎజెండాలోకి వస్తుంది.

మీ రిజిస్టర్ నేను చూడలేదు కాబట్టి కింది నమూనాలో కొన్ని అంకెలు, తేదీలు నేనే వేసుకున్నాను. వాటి స్థానంలో మీ పత్రాల్లో ఉన్నవే పెట్టండి.

తేదీ: జూలై 3

గౌరవనీయులైన అధ్యక్షుల వారికి,

విషయం: లిఫ్ట్ నిర్వహణ ఒప్పందం కొనసాగింపు – జూలై 20 కార్యవర్గ సమావేశం ఎజెండాలో నిర్ణయం కోసం చేర్చవలసిందిగా అభ్యర్థన.

సూచిక: 1) ప్రస్తుత లిఫ్ట్ నిర్వహణ ఒప్పందం, కొనసాగింపు నిబంధన. 2) ఒప్పందం దానంతటదే కొనసాగడానికి అనుమతిస్తూ రెండేళ్ల క్రితం కార్యవర్గం చేసిన తీర్మానం (తీర్మానం సంఖ్య, తేదీ).

అయ్యా,

పై విషయాన్ని జూలై 20న జరగనున్న కార్యవర్గ సమావేశం ఎజెండాలో, "లిఫ్ట్ నిర్వహణ ఒప్పందం కొనసాగింపు, సూచిక 2లోని తీర్మానం సవరణ – నిర్ణయం కోసం" అనే పేరుతో ప్రత్యేక అంశంగా చేర్చవలసిందిగా కోరుతున్నాను. దీనికి పదిహేను నిమిషాల సమయం సరిపోతుందని నా అంచనా.

ప్రస్తుత ఒప్పందం సెప్టెంబరు 30తో ముగుస్తుంది. కొనసాగింపు వద్దనుకుంటే 60 రోజుల ముందు రాతపూర్వక నోటీసు ఇవ్వాలి, అంటే అది జూలై 31లోగా సంస్థకు అందాలి. ఆ తరువాతి సమావేశం ఆగస్టు 17న ఉన్నందువల్ల, ఈ విషయంలో కార్యవర్గం తన అభిప్రాయం చెప్పగలిగే చివరి సమావేశం జూలై 20దే. అప్పుడు పరిశీలించకపోతే ఏ నిర్ణయమూ చేయకుండానే సంఘం మరో ఏడాదికి బద్ధమవుతుంది.

పరిశీలన అవసరమని నేను భావించడానికి ఫిర్యాదుల రిజిస్టర్‌లోని మూడు వివరాలు కారణం. జనవరి 1 నుంచి జూన్ 30 వరకు లిఫ్ట్ 11 సార్లు ఆగిపోగా, ఒప్పందం ప్రకారం నాలుగు గంటల్లో రావలసిన టెక్నీషియన్ ఐదు సందర్భాల్లో అంతకన్నా ఆలస్యంగా వచ్చారు. ఆ 11లో ఆరింటికి తలుపు లోపమే కారణంగా నమోదైంది. నెలకొకసారి జరగవలసిన సర్వీసుకు ఆరు నెలల్లో నాలుగు సంతకాలే ఉన్నాయి. తేదీలవారీ పట్టిక జతపరిచాను.

ప్రస్తుత సంస్థకు మన లిఫ్ట్ గురించి ఎక్కువ తెలుసునని, దాని విడిభాగాలు వారి వద్ద సులభంగా దొరుకుతాయని నాకు తెలుసు. అందువల్ల సంస్థను మార్చాలని ఈ లేఖలో నేను కోరడం లేదు. నోటీసు ఇచ్చిన తరువాత కూడా మెరుగైన షరతులతో అదే సంస్థతో కొత్త ఒప్పందం చేసుకోవడానికి అవకాశం ఉంటుంది. అక్టోబరు 1 నుంచి లిఫ్ట్ నిర్వహణ లేకుండా ఉండే ప్రమాదం రాకుండా, ఆగస్టు సమావేశంలోనే తుది ఎంపిక జరగాలని కింది ముసాయిదాలో ప్రతిపాదించాను. లిఫ్ట్ నిర్వహణ చేసే ఏ సంస్థతోనూ నాకు గాని, నా కుటుంబ సభ్యులకు గాని సంబంధం లేదు.

ముసాయిదా తీర్మానం: "ప్రస్తుత లిఫ్ట్ నిర్వహణ ఒప్పందం సెప్టెంబరు 30 తరువాత దానంతటదే కొనసాగకుండా జూలై 25లోగా సంస్థకు రాతపూర్వక నోటీసు అందజేయాలని, సూచిక 2లోని తీర్మానాన్ని ఆ మేరకు సవరించాలని, ప్రస్తుత సంస్థతో సహా కనీసం మూడు సంస్థల నుంచి ప్రతిపాదనలు తీసుకుని ఆగస్టు 17 సమావేశం ముందు ఉంచవలసిందిగా కార్యదర్శిని కోరాలని కార్యవర్గం తీర్మానిస్తున్నది."

ఈ అంశాన్ని చేర్చడానికి మీకు ఏదైనా అభ్యంతరం ఉంటే, ఎజెండా వెళ్లేలోపు నేను అవసరమైన వివరాలు ఇవ్వగలిగేలా, జూలై 8లోగా తెలియజేయవలసిందిగా ప్రార్థన.

భవదీయురాలు,
(సంతకం)
కార్యవర్గ సభ్యురాలు

జతపరచినవి: ఒప్పందంలోని కొనసాగింపు నిబంధన నకలు, సూచిక 2లోని తీర్మానం నకలు, ఆరు నెలల ఫిర్యాదుల పట్టిక.
ప్రతి: కార్యదర్శి గారికి.

ఈ లేఖలో అనవసరంగా కనబడే రెండు చోట్లను తీసేయకండి. ప్రస్తుత సంస్థకు అనుకూలమైన మాటలను మీరే రాయడం వల్ల, అధ్యక్షులకు ఆ సంస్థపై సదభిప్రాయం ఉన్నా మీ లేఖను అడ్డుకునే అవసరం ఉండదు. ఆయన చెప్పదలచిన అభ్యంతరం అప్పటికే కాగితం మీద ఉంది. అలాగే సంబంధం లేదన్న వాక్యం. నిజంగా ఏదైనా బంధుత్వమో వ్యాపార సంబంధమో ఉంటే దాచకుండా ఆ సంగతే రాసి, ఓటింగ్‌లో పాల్గొననని చెప్పండి. లేఖలో చెప్పనిది సమావేశం మధ్యలో మరొకరి నోట బయటపడితే ఆరు నెలల పట్టికను ఎవరూ చూడరు.

జూలై 8 అని గడువు పెట్టడం మర్యాద తప్పుతుందేమోనని మీరు సందేహించవచ్చు. మర్యాద ఏమీ తప్పదు. రెండుసార్లు "చూద్దాం" అన్న మాట విన్న తరువాత మీకు కావలసింది అవును అనో కాదు అనో ఒక మాట. కాదన్నా పరవాలేదు, కారణం తెలుస్తుంది. నేను అందుకున్న లేఖల్లో జవాబు తేదీ లేనివి దస్త్రంలో అడుగుకు వెళ్లిపోయేవని ఒప్పుకోవాలి. అందులో ఎవరి దురుద్దేశమూ ఉండేది కాదు, తేదీ ఉన్న కాగితాలు ముందు కదిలేవి, అంతే. లేఖను చేతికిచ్చి, నకలు మీద అందినట్లు సంతకం, తేదీ తీసుకోండి. మీ సంఘంలో ఈ-మెయిల్ వాడుక ఉంటే అదే రోజు అధ్యక్షులకూ కార్యదర్శికీ కలిపి పంపండి. మిగతా సభ్యులందరికీ అప్పుడే పంపవద్దు. ఎజెండా నిర్ణయించే అధికారం ఆయనది కాబట్టి, ఆయన చదవకముందే అందరి చేతుల్లో ఉన్న లేఖ ఒత్తిడిగా కనబడుతుంది.

జూలై 8 నాటికి జవాబు రాకపోతే కార్యదర్శిని ఒకసారి అడగండి. అధ్యక్షులు నిరాకరిస్తే, కొంతమంది సభ్యులు కలిసి రాతపూర్వకంగా కోరితే అంశాన్ని తప్పక చేర్చాలన్న నిబంధన మీ నియమావళిలో ఉందేమో చూడండి. ఉంటే ఎంతమంది సంతకాలు కావాలో అందులోనే రాసి ఉంటుంది, ఇదే లేఖను ఇదే ముసాయిదాతో వారి సంతకాలతో ఇవ్వవచ్చు. అదీ లేకపోతే, సమావేశం మొదట ఎజెండాను ఆమోదించే సమయంలో ఈ అంశాన్ని చేర్చమని ప్రతిపాదించడం మిగిలిన దారి. అయితే అప్పటికి ముందస్తు నోటీసు ఉండదు కాబట్టి, పైన చెప్పినట్లు ఎక్కువమంది మద్దతు కూడగట్టుకోవలసి ఉంటుంది. అది కూడా కుదరకపోతే కనీసం ఇంతైనా అడగండి: మీరు ప్రతిపాదించారని, గడువు జూలై 31 అని మినిట్స్‌లో నమోదు చేయమనండి.

అధ్యక్షులు అంగీకరించి ఎజెండా మీకు చేరిన రోజు, అంశం పేరును మీ లేఖతో పోల్చి చూడండి. "నిర్ణయం కోసం" అన్న మాట పోయి "చర్చ కోసం" అని వచ్చినా, పాత తీర్మానం ప్రస్తావన పడిపోయినా వెంటనే కార్యదర్శికి ఫోన్ చేసి, సమావేశ నోటీసు గడువు దాటకముందే సవరించిన ఎజెండా పంపమని కోరండి. చర్చ కోసం అని ఉన్న అంశంపై ఆ రోజు ఓటు అడిగితే, వ్యతిరేకించేవారు మొదట పట్టుకునేది ఆ మాటనే.